పక్క రాష్ట్రం పాలు, మన గల్లీ ఏజెంటు: కమీషన్ సూసి మురిసిపోవద్దు, లీకేజీ లెక్క సూడాలె

2023 ఏప్రిల్‌ల అమూల్ బెంగళూరుల పాలు, పెరుగు అమ్ముతమని ప్రకటన ఇచ్చింది. కర్ణాటకల ఎన్నికల వేడి. ఒక్కసారి లొల్లి లేసింది. నందినిని మింగుతరా అని ప్రతిపక్ష పార్టీలు రోడ్డెక్కినయి. బెంగళూరు హోటళ్ల సంఘం మేం నందిని పాలే వాడుతమని చెప్పింది. ఆ తర్వాతి నెల, మేల, తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కేంద్రానికి ఉత్తరం రాసిండు: కృష్ణగిరి దిక్కు అమూల్ మా రైతుల పాలు కొంటున్నది, ఆపుండ్రి అని. అదే కాలంల కేరళల ఇంకో పంచాయితి నడుస్తున్నది. అక్కడ మిల్మా అనేది ఏంది? నందిని వచ్చి మా రాష్ట్రంల దుకాణాలు తెరుస్తున్నది, ఇది సహకార ధర్మం కాదు అని.

సూసిన్రా? బెంగళూరుల బాధితురాలైన నందిని, కేరళకు పోతే దండెత్తినట్టు అయింది. ఎవల ఇంట్ల వాళ్లది ఆత్మగౌరవం, పక్కింటికి పోతే వ్యాపారం. నేను దీన్ని తప్పు అంటలేను. పాలు ఎక్కువైనోడు పక్కూరికి పోతడు, అది ఎన్నటికీ ఉన్నదే. నాకు కొట్టొచ్చినట్టు కనపడ్డది వేరే. ఇన్ని ఉత్తరాలల్ల, ఇన్ని ప్రెస్‌మీట్లల్ల ఒక్కమనిషి పేరు రాలే. తెల్లారుజాము మూడు గంటలకు రోడ్డు పక్కన క్రేట్లు దించుకునే పాల డిస్ట్రిబ్యూటర్. వాడు సై అంటెనే పక్క రాష్ట్రం పాలు మన గల్లీలకు వస్తయి. వాడు నై అంటె ముఖ్యమంత్రి రిబ్బన్ కట్ చేసినా ప్యాకెట్ దుకాణం గడప దాటదు.

మన హైదరాబాద్‌నే తీసుకుందాం. నందిని ఇక్కడ దాదాపు పదేండ్ల సంది అమ్ముడుపోతున్నది. తమిళనాడు నుంచి వచ్చిన ఆరోక్య ఉన్నది. గుజరాత్ నుంచి వచ్చిన అమూల్ ఉన్నది. మన హెరిటేజ్, దొడ్ల, జెర్సీ ఎన్నడో దక్షిణాది రాష్ట్రాలకు పోయినయి. ప్రైవేటు కంపెనీ పోతె ఎవ్వలూ నోరు తెరవరు గని, సహకార సంఘం పోతెనే లొల్లి అయితది. దానికి కారణం ఉన్నది, ముందు అది సూద్దాం. ఎందుకంటె డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చే మాటల వెనక ఉన్న అసలు సంగతి అక్కడనే ఉంటది.

కర్ణాటక పాల సమాఖ్య రోజుకు సేకరించే పాలు 2024 జూన్ ఆఖర్ల ఒక కోటి లీటర్లు దాటినయి. అన్నన్ని పాలు కన్నడ ఇండ్లల్ల అదే రోజు ఖర్చు కావు. సహకార సంఘమంటె రైతు తెచ్చిన పాలు వద్దనడానికి లేదు, పోయించుకోవాల్సిందే. మిగిలిన పాలను ఎండబెట్టి పొడి చేస్తరు, వెన్న తీస్తరు. పొడి రేటు మార్కెట్‌ల పడిపోయి ఉన్నప్పుడు పొడి చేసుడంటె నష్టం మూట కట్టి గోదాంల పెట్టుడే. అదే పాలను పక్క రాష్ట్రంల ప్యాకెట్ చేసి అమ్మితే, లాభం పల్చగ ఉన్నా పొడి కంటె నయం. దానికితోడు కర్ణాటక సర్కారు రైతుకు లీటరుకు ఐదు రూపాయల ప్రోత్సాహకం వేరుగ ఇస్తది. సమాఖ్య అమ్మకపు ధరను కూడా అక్కడి సర్కారే అదుపుల పెడ్తది. అందుకే ఆ పాలు ఇక్కడికొచ్చి, లారీ కిరాయి పోను కూడా, మామూలుగ మన బ్రాండ్ల కంటె తక్కువ ధరకే నిలవడతయి.

అంటె మన గల్లీకి వచ్చేటివి మిగులు పాలు. ఈ ఒక్క మాట యాదిల పెట్టుకోండ్రి, మల్ల దీని దగ్గరికే వస్తం.

మిగులు పాలు హైదరాబాద్‌కు రావాలంటె రెండు తొవ్వలున్నయి. ఒకటి, అక్కడనే ప్యాకెట్ చేసి చల్లటి వ్యాన్ల క్రేట్లు పేర్చి పంపుడు. బీదర్ నుంచి అయితే నూట నలభై కిలోమీటర్ల చిల్లర, రాత్రికి రాత్రి వస్తది. బెంగళూరు దిక్కు నుంచి అయితే ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. రెండో తొవ్వ, ట్యాంకర్‌ల పాలు తెచ్చి, ఇక్కడ ఏదన్నా ప్లాంటును కిరాయికి తీసుకొని ప్యాకింగ్ చేసుడు. ఏ తొవ్వల వచ్చిందో ప్యాకెట్ మీదనే ఉంటది. తయారీదారు పేరు, అడ్రసు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు అచ్చేయాలని చట్టం. డిస్ట్రిబ్యూటర్ కావాలనుకునేటోడు కంపెనీ మనిషి చెప్పేది వినక ముందు ఆ చిన్న అక్షరాలు సదవాలె. ఎందుకంటె ప్యాకెట్ ఎంత దూరం నుంచి వస్తదో, వాని బతుకు అంత ఊగుతది.

ఎట్లనో చెప్త. పాల వ్యాపారంల పొద్దు అంటె తెల్లారుజాము మూడున్నర నుంచి ఆరున్నర దాక. అంతే. ఇంటింటికి ప్యాకెట్ తగిలించే పిలగాడు ఐదింటికి క్రేటు సేతుల లేకపోతే, ఆరింటికి అపార్ట్‌మెంటు అమ్మ కింది దుకాణంల వేరే ప్యాకెట్ కొనుక్కుంటది. వ్యాన్ ఏడింటికి వస్తే ఆ రోజు పాలు అమ్ముడుపోయినట్టు కాదు, నెత్తిన పడ్డట్టు. లోకల్ డెయిరీ వ్యాన్ పాడైతే గంటల ఇంకో వ్యాన్ వస్తది. రెండు వందల కిలోమీటర్ల అవతల టైరు పగిలితే ఎవలొస్తరు? మొదటి నెలల మూడుసార్లు ఆలస్యమైన బ్రాండును దుకాణం సేట్లు మల్ల నమ్మరు. ధర రెండు రూపాయలు తగ్గిచ్చినా నమ్మరు.

ఇగ పైసల దగ్గరికి పోదాం. కంపెనీ సేల్స్ మనిషి వచ్చి ముందు చెప్పే మాట కమీషన్. “అన్నా, మీ ఇప్పటి కంపెనీ లీటరుకు రెండు రూపాయలు ఇస్తున్నది గదా, మేం రెండున్నర ఇస్తం.” వినడానికి మస్తుగ ఉంటది. లెక్క ఏసి సూద్దాం. నేను చెప్పే అంకెలు లెక్క తెలిసేటందుకు అనుకున్నయి. మీ ఏరియాల వేరే ఉంటయి, మీ అంకెలు మీరు పెట్టుకోండ్రి.

ఒక డిస్ట్రిబ్యూటర్ రోజుకు వెయ్యి లీటర్లు తీస్తడు అనుకుందాం. క్రేటుకు పది లీటర్లు అంటె నూరు క్రేట్లు. కొనుగోలు ధర లీటరుకు 50 రూపాయలు అనుకుందాం. అంటె రోజుకు 50 వేల సరుకు. దుకాణం మార్జిన్ వేరే పోతది, దాన్ని పక్కకు పెడ్దాం. ఆటో కిరాయి, డీజిల్ కలిపి 700. ఇద్దరు పిలగాండ్లకు చెరి నాలుగు వందలు, 800. మొత్తం 1500 రూపాయలు రోజు పొద్దుగాల పోతనే ఉంటయి, పాలు అమ్ముడైనా కాకున్నా.

దానికి తోడు పెట్టుబడి ఉన్నది. డెయిరీ వ్యాపారంల చాలా కంపెనీలకు రేపటి పాలకు ఈ రోజే పైసలు కట్టాలె. మధ్యాహ్నం లోపల ఇండెంట్ పెట్టి పైసలు ఏస్తెనే రాత్రికి సరుకు. కని దుకాణం సేటు మాత్రం నాలుగైదు రోజులకు ఇస్తడు. ఒక రోజు ముందు కట్టింది, ఐదు రోజులు దుకాణాలల్ల ఇరికింది, కలిపితే ఆరు రోజుల సరుకు, మూడు లక్షలు ఎప్పుడూ గాలిల ఉంటయి. మన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి అంటె నెలకు ఆరు వేలు, రోజుకు 200. డిపాజిట్ కింద కంపెనీ దగ్గర కట్టింది ఇందుల కలపలే.

రెండు రూపాయల కమీషన్ మీద రోజుకు 2000 వస్తది. ఖర్చు 1500, మిత్తి 200 పోతే చేతుల మిగిలేది 300. రెండున్నర కమీషన్ మీద 2500 వస్తది, మిగిలేది 800. ఇంకేం, కొత్త కంపెనీయే మేలు గదా అనిపిస్తది.

ఇక్కడ లీకేజీ వస్తది. ప్యాకెట్ల అంచు అతుకు సరిగ్గ లేకనో, క్రేటు మీద క్రేటు ఒత్తుకొనో, తొవ్వల ఎగిరెగిరి పడో ప్యాకెట్లు కారుతయి. వందల ఒకటి కారితే వెయ్యి లీటర్లల్ల పది లీటర్లు, అంటె 500 రూపాయలు. పాత కంపెనీ కమీషన్ రెండే ఇచ్చినా, కారిన ప్యాకెట్ ఖాళీ కవరు అప్పజెప్పితే మల్ల పాలు ఇస్తదనుకుందాం. వాని 300 పదిలంగ ఉంటది. కొత్త కంపెనీ కమీషన్ రెండున్నర ఇస్తది గని లీకేజీ మీదే అంటది. 800ల నుంచి 500 పోతే వానికీ 300. రెండూ బరాబర్ అయినయి.

అయితే దూరం నుంచి వచ్చే పాలు వందల ఒక్కటే కారుతయా? తొవ్వ గుంతలైతే, ఎండకాలం ప్లాస్టిక్ మెత్తబడితే రెండు కారుతయి. అప్పుడు వెయ్యి రూపాయలు పోయినయి. రెండున్నర కమీషన్ తీసుకునేటోడు రోజుకు 200 జేబుల నుంచి పెట్టుకుంటున్నడు. రెండు రూపాయలోడు మాత్రం అదే 300తోని ఇంటికి పోతున్నడు. అందుకే నేను ఏజెంట్లతోని మాట్లాడినప్పుడు కమీషన్ ఎంత అని అడగను, కారిన ప్యాకెట్ ఎవల లెక్కల పడ్తది అని అడుగుత. దాని మీద జవాబు సక్కగ చెప్పే కంపెనీయే మార్కెట్‌ల నిలవడతది. కారిన ప్యాకెట్‌కు బదులు అదే రోజు ఇస్తరా, నెలాఖరుకు బిల్లుల తగ్గిస్తరా, “అర శాతం దాక మాత్రమే” అని గీత పెడ్తరా? ఈ మూడు వేరు వేరు బతుకులు. నెలాఖరు బిల్లు అన్నరంటె ఆ పైసల మీద మిత్తి కూడా మీదే.

లీకేజీ కండ్లకు కనపడ్తది. పాలు ఇరిగినయి అనే పంచాయితి మాత్రం కనపడది, అదే కొత్త బ్రాండ్లను సంపుతది. పొద్దుగాల ఇచ్చిన ప్యాకెట్ సాయంత్రం కాగబెడితే ఇరిగింది. సేటు ఏజెంటు మీద ఎగబడతడు. ఏజెంటు కంపెనీకి ఫోన్ చేస్తే, మీ దుకాణంల ఫ్రిజ్ బంద్ ఉన్నదేమో అంటరు. ఎవల తప్పో తేలదు, పాల పైసలు మాత్రం ఏజెంటువి. దీనికి పాత ఏజెంట్లు చేసే ఉపాయం ఒకటున్నది, జర సూడుండ్రి. ఒక చిన్న థర్మామీటర్ పెట్టుకుంటరు. వ్యాన్ దిగంగనే నడిమి క్రేటు నుంచి రెండు ప్యాకెట్లు తీసి, వాటి నడుమ థర్మామీటర్ పెట్టి ఒత్తి పడ్తరు. రెండు నిమిషాలకు ఎన్ని డిగ్రీలు సూపించిందో, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు ఏందో డెలివరీ చిట్టి మీద రాసి, డ్రైవర్ తోని సంతకం పెట్టిస్తరు. ఐదారు డిగ్రీల లోపల ఉంటె పాలు సక్కగ వచ్చినట్టు. పదికి పైన ఉంటె సాయంత్రం దాక నిలవడే భరోసా లేదు. ఆ చిట్టి సేతుల ఉన్నోనితోని కంపెనీ వేరే తీరుగ మాట్లాడతది. చిట్టి మీద సంతకం పెట్టనియ్యని డ్రైవర్ వచ్చిండంటె, ఆ కంపెనీ తన వ్యాన్ల మీద తనకే నమ్మకం లేదని అర్థం.

ఇగ స్కీములు. కొత్త బ్రాండ్ వచ్చినప్పుడు ఇరవై క్రేట్లకు ఒక క్రేటు ఫ్రీ అసుంటి మాట చెప్తరు. నూరు క్రేట్ల మీద ఐదు క్రేట్లు, యాభై లీటర్లు, రోజుకు 2500 రూపాయలు. అంటె కమీషన్ మొత్తం ఎంతనో స్కీము అంత. ఆశ పుట్టదా మల్ల? కని ఆ ఫ్రీ క్రేటు డిస్ట్రిబ్యూటర్ ఇంట్ల మిగలది. దుకాణం సేటుకు స్కీము ఉన్నదని మూడో రోజే తెలుస్తది. నా వాటా నాకు ఇయ్యి, లేకుంటె పక్కోని దగ్గర తీసుకుంట అంటడు. నెల తిరిగే లోపల స్కీము మొత్తం దుకాణాల చేతులకు పోతది. మూడు నెలలకు కంపెనీ స్కీము ఒడిసింది అంటది. సేటు మాత్రం ఒడవలేదు అంటడు. నడుమ ఉన్నోడు తన కమీషన్‌ల నుంచి అర్ధరూపాయి, ముప్పావలా కోసి సేటుకు ఇచ్చుకుంట దుకాణం కాపాడుకుంటడు. కొత్త బ్రాండ్ పంచిన ఉచితం కంపెనీ పుస్తకాలల్ల మూడు నెలల ఖర్చు. ఏజెంటు పుస్తకంల అది ఎన్నటికీ ఒడవని ఖర్చు.

మంచిగ మార్కెట్ ఎరిగిన కంపెనీ ఫ్రీ క్రేట్లతోని మొదలువెట్టది. దుకాణానికి ఫ్రిజ్ ఇస్తది, ఇంటింటికి ఏసే పిలగానికి కొత్త ఇల్లు పట్టుకొస్తే ఇంటికింత అని ఇస్తది, డిస్ట్రిబ్యూటర్‌కు మొదటి రెండు మూడు నెలలు డిపాజిట్ అడగది, మిగిలిన పాలను పెరుగు కింద మార్చి తీసుకుంటది. వీటిల ఏదీ సేటు గుంజుకునేది కాదు. పిలగాండ్ల సంగతి కంపెనీలు తక్కువ అంచనా ఏస్తయి గని, అపార్ట్‌మెంట్లల్ల ఏ ప్యాకెట్ తగిలించాల్నో చెప్పేది వాళ్లే. “అమ్మా, ఇది గూడా మంచిగనే ఉంటది, రెండు రోజులు సూడుండ్రి” అని పిలగాడు అన్న మాట టీవీ యాడ్ కంటె గట్టిది.

ఏ పాలు ఎక్కడ నడుస్తయో కూడా తెలిసి ఉండాలె. నందిని నీలిరంగు ప్యాకెట్ టోన్డ్ పాలు, మూడు శాతం వెన్న. కర్ణాటకల ఎక్కువ ఆవు పాలే. మన దగ్గర బర్రె పాల నోరు. ఇరానీ చాయ్ హోటల్‌కు పోయి టోన్డ్ ప్యాకెట్ అమ్మబోతే నవ్వుతరు. వాళ్లకు ఆరు శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ కావాలె, గంటల కొద్ది కాగినా సిక్కగ ఉండాలె. అగ్గువ టోన్డ్ ప్యాకెట్ నడిచేది అపార్ట్‌మెంట్లల్ల, హాస్టళ్లల్ల, కిరాయి ఇండ్లల్ల. చాయ్ హోటళ్ల రూటు ఉన్న ఏజెంటుకు టోన్డ్ బ్రాండ్ కట్టబెట్టి, టార్గెట్ రాలేదని తిడితే తప్పు ఎవలది? వాని రూటు ఏందో అడగకుంట సరుకు దించినోనిది.

ఇప్పుడు మిగులు అన్న మాట దగ్గరికి వద్దాం. వానకాలం ఒడిసి చలికాలం వచ్చేసరికి పశువులకు పచ్చి మేత దొరుకుతది, ఈతలు అయితయి, పాలు పొంగుతయి. అప్పుడే కంపెనీలు పక్క రాష్ట్రాలకు పోయి డిస్ట్రిబ్యూటర్లను ఎతుకుతయి. నవంబర్, డిసెంబర్, జనవరి. సేల్స్ మనుషులు దయామయులైతరు. ఎన్ని క్రేట్లంటె అన్ని. మార్చి ఒడిసి ఏప్రిల్ వచ్చేసరికి ఎండ, మేత లేదు, పాలు తగ్గుతయి. అదే కాలంల పెరుగు, మజ్జిగ, లస్సీ గిరాకీ ఎక్కువైతది. అప్పుడు ఉన్న పాలు ముందు ఎవలకు పోతయి? సొంత రాష్ట్రానికి. అట్ల పోవుడు న్యాయమే, అక్కడి రైతు పెట్టుకున్న సంఘం అది. కని మన ఏజెంటుకు ఫోన్ వస్తది: అన్నా, ఈ వారం ఇండెంట్‌ల ముప్పై శాతం కట్.

మల్ల మన లెక్కకే పోదాం. వెయ్యి లీటర్లు ఏడు వందలైనయి. రెండు రూపాయల కమీషన్ మీద 1400. ఆటో, పిలగాండ్లు 1500, అది తగ్గది. మిత్తి లెక్క పెట్టకముందే రోజుకు వంద నష్టం. అసలు దెబ్బ ఆ వంద కాదు. మూడు వందల లీటర్లు అందని ఇండ్లు, దుకాణాలు వేరే బ్రాండుకు పోతయి, జూలైల వానలు పడి పాలు మల్ల పొంగినా తిరిగి రావు. కంపెనీ మాత్రం జూలైల టార్గెట్ పెంచుతది.

ఇది ఎట్ల కనిపెట్టాలె? ఒకటే తీరు. కొత్తగ చేరే ముందు, ఆ కంపెనీ పాలు రెండేండ్ల సంది వేస్తున్న ఏజెంటును పట్టుకోండ్రి. జనవరిల రోజుకు ఎన్ని క్రేట్లు వచ్చినయి, ఏప్రిల్ ఆఖరు వారంల ఎన్ని వచ్చినయి, రెండు డెలివరీ చిట్టీలు పక్కపక్కన పెట్టి సూపించమని అడుగుండ్రి. కమీషన్ ఎంతో చెప్పడానికి సిగ్గుపడే ఏజెంటు కూడా ఈ చిట్టీలు సూపిస్తడు. నూటికి పది తగ్గితే ఓర్సుకోవచ్చు, ముప్పై తగ్గిందంటె మీరు ఆ కంపెనీకి చలికాలపు కూలోడు.

ధర సంగతి కూడా ఇట్లనే జారిపోతది. అగ్గువ అని వచ్చిన గిరాకీ, అగ్గువ పోంగనే పోతది. 2025 ఏప్రిల్ 1 నుంచి కర్ణాటకల నందిని పాలు లీటరుకు నాలుగు రూపాయలు పెరిగినయి. అక్కడి సర్కారు తీసుకున్న నిర్ణయం. అసుంటి నిర్ణయం బెంగళూరుల జరిగితే, ఉప్పల్‌ల, కూకట్‌పల్లిల ఉన్న ఏజెంటు చెప్పేది ఏమున్నది? వాని వ్యాపారం నిలవడింది ధరల తేడా మీద, ఆ తేడా తాళంచెవి వాని దగ్గర లేదు.

ఇంకో ముచ్చట జెప్పాలె, ఇది జర నవ్వు తెప్పిస్తది. పక్క రాష్ట్రంలకు పోవడానికి డిస్ట్రిబ్యూటర్ అక్కర లేని తొవ్వ కూడా ఉన్నది, అది సర్కారు ఆర్డర్. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలకు కర్ణాటక సమాఖ్యే ప్యాకెట్ పాలు పంపింది. 2021 వరకు బాకీ 130 కోట్లు అయిందని, కట్టకపోతే పాలు బంద్ చేస్తమని ఉత్తరం రాయాల్సి వచ్చింది. సర్కారుకు కోట్లల్ల ఉద్దెర. గల్లీ ఏజెంటుకు మాత్రం మధ్యాహ్నం రెండు గంటలకు పైసలు పడకపోతే రాత్రికి క్రేటు రాదు. ఎవల ఉద్దెర భద్రమో పాల సంఘాలే చెప్పాలె.

ఇప్పటిదాక ఏజెంటు దిక్కు మాట్లాడిన. రైతు దిక్కు రాకపోతే ఈ లెక్క సగమే. పక్క రాష్ట్రం పాలు అగ్గువకు వస్తే నగరంల తాగేటోనికి మేలే. కని కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కు బర్రె కట్టుకొని బతికే అక్కకు దెబ్బ. అందుకే తెలంగాణ వచ్చినంక 2014లనే విజయ డెయిరీకి పాలు పోసే రైతులకు లీటరుకు నాలుగు రూపాయల ప్రోత్సాహకం ప్రకటించిన్రు. తర్వాత కరీంనగర్, ముల్కనూర్ మహిళా డెయిరీ, నల్లగొండ-రంగారెడ్డి మదర్ డెయిరీ రైతులకు గూడా ఇస్తమన్నరు. పక్క రాష్ట్రపోళ్లు ఐదు ఇస్తుంటె మనం నాలుగు. అదైనా టైముకు పడ్తదా అంటె, ప్రోత్సాహకం పెండింగ్, పాల బిల్లులు ఆలస్యం అని మన రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కలేదు? పక్క రాష్ట్రం డెయిరీ మన మీదికొచ్చిందని లొల్లి పెట్టే ముందు, మన డెయిరీ పదిహేను రోజుల బిల్లు పదహారో రోజు ఇస్తున్నదా అని అడగాలె. రైతుకు బిల్లు ఆలస్యమైతే ఆయన ప్రైవేటు డెయిరీకి పోస్తడు. మన డెయిరీకి పాలు తగ్గుతయి, ఏజెంటుకు క్రేట్లు తగ్గుతయి. ఆ ఖాళీ దగ్గరనే పక్క రాష్ట్రం సేల్స్ మనిషి మోటర్‌సైకిల్ ఆపుతడు.

ముల్కనూర్ మహిళలను సూడుండ్రి. భీమదేవరపల్లి మండలంల ఆడోళ్లు 2002ల మొదలువెట్టిన డెయిరీ, స్వకృషి పేరు మీద అమ్ముకుంటరు. పేరు పెద్దది కాదు, యాడ్లు లేవు. కని పాలు పోసేది వాళ్లే, సంఘం వాళ్లదే, తొవ్వ దగ్గర. దగ్గరి డెయిరీకి దూరపు డెయిరీ మీద ఉన్న బలం అంతా ఇదే: తొవ్వ, టైము, ఎండకాలం కూడా ఆగని సరఫరా. ధరల దూరపోడు గెలవచ్చు, వీటిల గెలవడు. మన విజయ డెయిరీ ఆ బలాన్ని వాడుకుంటున్నదా? పాత ఏజెంటును నిలవెట్టుకోవడానికి కమీషన్ అర్ధరూపాయి పెంచే దాని కంటె, కారిన ప్యాకెట్‌కు తెల్లారి బదులు ఇచ్చుడు, ఏప్రిల్‌ల ఇండెంట్ కోయకుండ ఇచ్చుడు ఖర్చు తక్కువ, పట్టు ఎక్కువ.

ఇక ఏజెంట్లకు ఒక మాట. చాలా మంది దగ్గర కంపెనీతోని రాసుకున్న కాయితమే లేదు. ఉన్నా అందుల డిపాజిట్ కట్టిన అంకె ఉంటది, తిరిగి ఇచ్చే తారీఖు ఉండది. కొత్త బ్రాండ్ మీ దగ్గరికి వచ్చిన మొదటి పదిహేను రోజులే మీకు బలం. అప్పుడు వాళ్లకు మీరు కావాలె. రూటు కట్టినంక మీకు వాళ్లు కావాల్సి వస్తది. కాబట్టి ఆ పదిహేను రోజులల్లనే కాయితం మీద రాయించుకోండ్రి: లీకేజీకి బదులు ఎప్పుడు, ఎంత దాక. స్కీము ఏ తారీఖున ఒడుస్తది, ఆ సంగతి దుకాణాలకు కంపెనీయే చెప్పాలె. వ్యాన్ ఐదున్నర దాటి వస్తే ఆ రోజు మిగిలిన పాలు ఎవలవి. మానుకుంటె డిపాజిట్ ఎన్ని రోజులల్ల తిరిగి వస్తది. క్రేట్లు పోతె లెక్క ఎట్ల. పాత కంపెనీ ఆ పాలు వేస్తే మా పాలు బంద్ అని బెదిరిస్తే, నోటి మాట మీద లొంగకుండ రాతల ఇయ్యమని అడుగుండ్రి. రాతల ఎవ్వలూ ఇయ్యరు, ఎందుకంటె పోటీని అడ్డుకునే ఒప్పందాల మీద కాంపిటీషన్ చట్టం ఉన్నది. మీరు ఢిల్లీ దాక పోయి కొట్లాడలేరు, అది వాళ్లకూ తెలుసు. అయితే ఇరవై మంది ఏజెంట్లు ఒక్క కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చిన్రంటె, ఆ బెదిరింపు మల్ల ఫోన్‌ల వినపడది.

అన్నిటికంటె ముందు రాయించాల్సింది ఎండకాలం లెక్క. జనవరి సగటు ఎంతనో, ఏప్రిల్, మే నెలలల్ల దానిల నూటికి తొంభైకి తగ్గకుండ ఇయ్యాలె, తగ్గితే తగ్గిన లీటర్ల మీద కమీషన్ కంపెనీయే కట్టాలె. సేల్స్ మనిషి దీని మీద సంతకం పెట్టకుండ “అన్నా, అది మా చేతుల లేదు” అన్నడంటె నిజమే చెప్తున్నడు. అప్పుడు పాత బ్రాండును మొత్తం ఇడిసిపెట్టకుండ్రి. నూరు క్రేట్లల్ల ముప్పై కొత్తది, డెబ్బై పాతది పెట్టుకొని ఒక్క ఎండకాలం దాటి సూడుండ్రి.